మూసేసిన కామెంట్

అమెరికాలోని బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుముదినికి కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం పోదు.

మార్చిలో టీమ్ లీడ్ ఫణీంద్ర రాసిన కోడ్‌లో, యాప్ బయటి పిలుపులు అందుకునే పోర్ట్ నంబర్ మూడు వేలని ఖాయం చేసి ఉంది. "క్లౌడ్ ప్లాట్‌ఫామ్ తనే ఒక పోర్ట్ కేటాయించి వేరియబుల్‌లో పెడుతుంది, దాన్ని చదవాలి" అని ఆమె కోడ్ రివ్యూలో కామెంట్ రాసింది. "నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది. నువ్వు టెస్టింగ్ చూసుకో" అని అతను కిందే జవాబు రాసి, పరిష్కారమైందని నొక్కి మూసేశాడు. ఆ రోజు టీమంతా నవ్వింది.

జూన్‌లో క్లయింట్ మేనేజర్ మార్గరెట్ ఎదుట డెమో. యాప్ మూడు వేల పోర్ట్ మీద లేచి కూర్చుంది. ప్లాట్‌ఫామ్ తానిచ్చిన పోర్ట్ దగ్గర నిమిషం చూసి, ఎవరూ పలక్కపోయేసరికి యాప్‌ని చంపేసింది. ఫణీంద్ర మూడుసార్లు రీస్టార్ట్ చేశాడు, మూడుసార్లూ చచ్చింది. కుముదిని కాఫీ తాగుతూ లెక్కపెట్టింది.

"కుముదినీ, కొంచెం చూడమ్మా," అన్నాడతను చివరికి.

ఆమె తన ల్యాప్‌టాప్‌ని పెద్ద స్క్రీన్‌కి కనెక్ట్ చేసింది. కోడ్ తెరవలేదు. మార్చి నాటి రివ్యూ తెరిచింది. ఇంగ్లీషులో ఉన్న ఆ కామెంట్‌నూ, కింది జవాబునూ, పక్కనున్న పేర్లనూ మార్గరెట్ నింపాదిగా చదివింది.

కుముదిని మూసేసిన కామెంట్‌ని మళ్ళీ తెరిచి, కీబోర్డ్ అతని ముందుకు తోసింది.

"ఒక్క లైనే ఫణీంద్రగారూ. టైప్ చేయండి, నేను టెస్టింగ్ చూసుకుంటా."