రెండు వైపుల దలాలి

చొప్పదండి పశువుల అంగట్లో ఇరవై ఏళ్లు దలాలి చేసిన గట్టయ్యకు ఒకటే పట్టింపు. ఎవరి వంతు వాళ్లే ఇవ్వాలి. ఎద్దు చేతులు మారితే అమ్మినవాడు ఒక రూపాయి, కొన్నవాడు ఒక రూపాయి. రుమాలు కింద వేళ్లు పట్టి బేరం తెంపడం ఎంత పనో, ఆ రెండు రూపాయలు రెండు వైపుల నుంచీ రాబట్టడం కూడా అంతే పని అనేవాడు. అమ్మినవాడు పెద్ద ఆసామి అయినా వదిలేది లేదు. “నేను లేకుంటె నీ ఎద్దు నీ కొట్టంలనే ఉండేది గదా పటేలా” అని నవ్వుతూనే చెయ్యి చాచేవాడు. అడగందే అమ్మయినా పెట్టదని అతని నమ్మకం. పాపం, ఆ నమ్మకమే అతని కొంప ముంచింది.

అతని భార్య లస్మవ్వకు క్షయ పట్టింది. కరీంనగర్ పెద్ద దవాఖానలో డాక్టరు చూసి, తొంభై సూదులు రోజుకొకటి తప్పకుండా పొడిపించుకోవాలన్నాడు. నడుమ మానేస్తే మందు పనిచేయదన్నాడు. చొప్పదండికి ఆవల, బస్సు మొహం చూడని పల్లె వాళ్లది. రోజూ బండి కట్టుకొని వచ్చి బస్సెక్కి పోయేంత సత్తువ ఆమెలో లేదు. దవాఖాన దగ్గర కిరాయికి ఒక అర్ర, ఒక్క గదైనా చాలు, కావాలి. అయితే ఆ రోగం పేరు వింటే తలుపు తెరిచేవాడు లేడు. నాలుగు ఇళ్లు చూశారు, నాలుగు చోట్లా తలుపులే సమాధానం చెప్పాయి.

చివరికి ఇండ్ల దలాలి చేసే ఇస్తారి దొరికాడు. “రామచంద్రం సారు ఇంట్ల ఎనుక అర్ర అయిదు నెలల సంది ఖాళీగుంది. నెలకు ఎనిమిది రూపాయలు. ఆయాసం అని చెప్తం. నాకు పదహారియ్యాలె. ఇంకో మాట మాట్లాడకు” అన్నాడు. గట్టయ్య పదహారూ ఇచ్చాడు. ఇచ్చాడే గాని అంగడి లెక్క అతన్ని వదల్లేదు. ఊళ్లో అందరూ ఇచ్చేది ఒక నెల కిరాయేనని పక్కింటివాళ్లు చెప్పాక అతని మనసులో లెక్క కుదిరింది. ఒక నెల నాది, ఒక నెల ఇంటాయనది. ఇస్తారి ఇద్దరి వంతూ నా దగ్గరే గుంజాడు.

రోగం దాచినందుకే ఆ రెండో నెల కిరాయి అని అతనికి ఎందుకు తట్టలేదని అడగకండి. ఇరవై ఏళ్లుగా దలాలికి రెండు వైపులుంటాయని మాత్రమే ఎరిగిన మనిషి.

నలభై సూదులు పడ్డాయి. లస్మవ్వ గంజి నుంచి అన్నానికి వచ్చింది. దగ్గు తగ్గింది. పొద్దున వాకిట్లో కూర్చుని జుట్టు దువ్వుకుంటుంటే గట్టయ్య దొంగచాటుగా చూసి మురిసిపోయేవాడు. పాలకూ గుడ్లకూ చేతిలో పైసలు అయిపోవస్తున్నాయి. రెండో నెల కిరాయి ఇవ్వడానికి పోయినప్పుడు నోరు విప్పాడు.

“సారూ, ఒక మాట. మీ అర్ర అయిదు నెలలు తాళమేసి ఉండె. ఇస్తారి మమ్ముల తెచ్చిండు, నాకు నీడ దొరికింది, మీకు కిరాయి దొరికింది. లాభం ఇద్దరిది. దలాలిల మీ వంతు మీరు ఇయ్యాలె గదా.”

రామచంద్రం బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. కోపగించుకోలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“నువ్వన్నది న్యాయమే గట్టయ్యా. కాని ఇండ్లకు రివాజు వేరే. కిరాయికి దిగినోడే ఇస్తడు, ఒక్క నెల కిరాయి.”

“ఒక్క నెలనా? నా దగ్గర రెండు నెలలు తీసుకున్నడు. మీ వంతు గూడ నేనే ఇచ్చిన.”

“నా పేరు మీద పైసలు తీసుకున్నడా?”

పంతులుకు పైసల కన్న పేరు పెద్దది. అప్పుడే మనిషిని పంపి ఇస్తారిని పిలిపించాడు. ఇస్తారి వచ్చి ఇద్దరి మొహాలూ చూశాడు. సంగతి అర్థమైంది. గట్టయ్య వైపు ఒక చూపు చూసి, జేబులో చెయ్యి పెట్టాడు.

“తప్పయింది సారూ. ఎనిమిది రూపాయలు వాపస్ ఇస్త.”

అక్కడితో అయిపోయేది. ఎనిమిది రూపాయలు జేబులో పడేవి, సూదులు సాగేవి. కానీ మన గట్టయ్య ధర్మరాజు కదా.

“నువ్వెందుకు ఇస్తవ్ ఇస్తారీ? కష్టం చేసినోనివి, నీ రెక్కల కష్టం నువ్వెందుకు పోగొట్టుకోవాలె? ఇయ్యాల్సింది సారు.”

రామచంద్రం ఇస్తారిని చూశాడు. “అందరి దగ్గర ఒక్కటి తీసుకునేటోనివి ఈయన దగ్గర రెండెందుకు తీసుకున్నవ్? నిజం చెప్పు. చెప్పకుంటె ఈ గల్లిల నీకింక ఒక్క ఇల్లు దొరకది.”

ఇస్తారి తల వంచుకున్నాడు. “ఆమెకు క్షయ సారూ. ఎవ్వలు ఇల్లియ్యలే. అందుకే తీసుకున్న.”

తీగ లాగితే డొంకంతా కదిలింది. లాగింది గట్టయ్యే. లోపల పంతులు కూతురు పురిటికి వచ్చి ఉంది. పుట్టి పదిహేను రోజులైన పసిపిల్ల ఏడుపు ముగ్గురికీ వినిపించింది. ఒకటే బావి, ఒకటే చేద.

“మీ అంగట్ల ఎద్దు రోగం దాచిపెట్టి అమ్మితే ఏం చేస్తరు గట్టయ్యా?” అని పంతులు మెల్లగా అడిగాడు.

“ఎద్దును అమ్మినోనికే మర్లగొడ్తరు సారూ” అన్నాడు గట్టయ్య. అతనికి అబద్ధం రాదు. ఆ తర్వాత ఇద్దరి కాళ్లూ పట్టుకోబోయాడు. ఇంకా యాభై సూదులున్నాయి, యాభై రోజులు ఉండనీయండి, బావి ముట్టమని ఏడ్చాడు. రామచంద్రం కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. నిజం చెప్పాలంటే ఆ మనిషిలో చెడ్డతనం లేదు, భయం ఉంది. మూడు రోజుల గడువిచ్చాడు. ఇచ్చి లోపలికి పోయి ఎనిమిది రూపాయలు తెచ్చి గట్టయ్య చేతిలో పెట్టాడు.

“నువ్వడిగింది న్యాయం. నా వంతు నేను ఇస్తున్న.”

మూడు రోజులూ గట్టయ్య కరీంనగర్ గల్లీలన్నీ తిరిగాడు. కబురు అతనికన్న ముందే తిరిగింది. ఇస్తారి ఇంటికి పోతే అతను బయటికే రాలేదు. నాలుగో రోజు సామాను సర్దుకొని చొప్పదండిలో బస్సు దిగి, అక్కడి నుంచి కిరాయి బండి ఎక్కారు. గతుకుల్లో లస్మవ్వకు దగ్గు తెర వచ్చి పోయాక అడిగింది.

“సారు ఆయన వంతు ఇచ్చిండా?”

“ఇచ్చిండు.”

“మరి మంచిదేనాయె. నువ్వు ఎన్నడు గూడ అన్యాయం అడుగలే.”

ఎత్తిపొడిచినా బాగుండేది. ఆమె నిజంగానే అన్నది. గట్టయ్య మొహం అటు తిప్పుకొని బండి చక్రం చూస్తూ కూర్చున్నాడు.

కొన్నాళ్లు బండి మీద, బస్సు మీద సూదులకు తీసుకుపోయాడు. వానలు పడ్డాయి, వాగు వచ్చింది, సూదులు నడుమ తెగిపోయాయి. దీపావళికి ముందే లస్మవ్వ పోయింది. దినాలకు వచ్చిన చుట్టాలు, అంత బాగవుతున్న మనిషిని పట్నం నుంచి ఎందుకు తోలుకొచ్చినవని అడిగారు.

“అర్ర దొరకలే” అన్నాడు గట్టయ్య. పంతులును దలాలి అడిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు.