బెల్టు ఆగిన రోజుల జాబితా

మరోదా కాలనీలో మా పక్కింటాయన పదకొండేళ్లుగా ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. ముడిఖనిజం మోసే బెల్టుల మరమ్మతు అతని పని. ఆ నెలాఖరుతో కాంట్రాక్టు ముగుస్తోంది. ఒక ప్రైవేటు ఇనుము ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పోస్టు పడింది. గడువు నాలుగు రోజులు. నేను పత్రికలో పనిచేసి రిటైరైనవాణ్ణి కదా, భాష దిద్దుతానని సుపేలా బజారులో టైపు చేయించిన రెజ్యూమె పట్టుకొచ్చాడు.

దిద్దడానికి అందులో ఏమీ లేదు. ‘బెల్టుల నిర్వహణ బాధ్యత’ అన్న మాటే మూడు రకాలుగా ఉంది.

తెల్లకాగితం చేతికిచ్చాను. “రెజ్యూమె సంగతి తర్వాత. నువ్వున్నన్నాళ్లూ అక్కడ ఏమేం ఇబ్బందిపెట్టాయో అవి మాత్రం రాసుకురా.”

మర్నాడు భార్యతో కలిసి వచ్చాడు. కాగితం ఖాళీ.

“ఏటి మావయ్యా, చెడిపోయినవన్నీ రాస్తే నానే చెడగొట్టాననుకోరా? బెల్టు ఆగిందని నోరెత్తితే మా కాడ ముందు మన పేరే అడుగుతారు.”

ఇబ్బందిని దాచుకోవడం అతనికి అలవాటైపోయింది. ఆగిన బెల్టుకే రిజిస్టరులో చోటు. ఆగకుండా చూసినవాడి పేరు ఎక్కడా ఉండదు.

భార్య ఊరుకోలేదు. “వానాకాలం వస్తే బురదముద్దలా ఇంటికొచ్చీవోడివి. రెండేళ్లబట్టి చొక్కా పొడిగా ఉంటంది. వానలు మానేసాయా ఏటి?”

అతను నవ్వి మొదలుపెట్టాడు. ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టుకి ఖనిజం జారే ఇనప తొట్టిని వాళ్లు షూట్ అంటారు. వానల్లో తడిసిన ఖనిజం పొడి దాని గోడలకు అంటుకుని గట్టిపడేది. షిఫ్టుకి మూడు నాలుగుసార్లు బెల్టు ఆపి గడ్డపారతో పొడిచేవారు. ఇతను వారంపాటు చూసి, అంటుకునే వంపు ఒక్కటేనని పట్టుకున్నాడు. అక్కడ నున్నటి ప్లాస్టిక్ పలకలు వేయాలని ఇంజనీరును ఒప్పించి, తానే బిగించాడు. ఆ తర్వాత షిఫ్టుకి ఒక్కసారి ఆపితే సరిపోయేది.

“ఇది గొప్పేటి? పనే కదా.”

“రాయి,” అన్నాను.

సాయంత్రానికి కాగితం మీద పదిహేడు ఇబ్బందులయ్యాయి. ప్రతిదాని పక్కన, తను ఏం చేశాడో, దాంతో ఏం మారిందో రాయించాను. మార్పు చెప్పలేనివి కొట్టేశాం. అందరూ కలిసి చేసినదాన్ని అలాగే రాశాం. గట్టిగా చెప్పలేని అంకె ఒక్కటీ వేయలేదు. చివరికి ఐదు మిగిలాయి. అప్పుడే రెజ్యూమె మొదలుపెట్టాం. ఐదూ ఐదు వాక్యాలయ్యాయి, షూట్ అన్నిటికంటే పైన.

ఇంటర్వ్యూ అయ్యాక తిన్నగా మా గుమ్మంలోకే వచ్చాడు.

“వాళ్ల షూట్‌కీ అదే రోగమంట మావయ్యా. బొమ్మేసి చూపించమన్నారు. బోర్డు మీదేసి చూపించాను. పెద్ద ఇంజనీరు కుర్చీ ముందుకి లాక్కుని విన్నాడు.”

“మరి ఉద్యోగం?”

“సోమవారం చేరమన్నారు.”

గోడ అవతలి నుంచి భార్య గొంతు వినిపించింది. “సూపర్‌వైజరుగారూ, అక్కడ చెప్పింది చాలు. అన్నానికి రండి.”

పదకొండేళ్లలో తొలిసారి, అతను తన పని గురించి చెప్పడం ఆపలేదు.