ఫ్రీజర్ నేల బిల్లు

ఇంట్లో కొళాయి కారడం మొదలైతే హైమవతికి తల ప్రాణం తోకకొచ్చేది. కారే కొళాయి వల్ల కాదు, మొగుడి వల్ల. ప్లంబరును పిలవక ముందే బాలమురళి విచారణ మొదలుపెట్టేవాడు.

"కారడం ఆపితే రిపేరు. దాన్ని పీకేసి వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిసొచ్చేది పెట్టిస్తే అది ఇంప్రూవ్‌మెంట్. నీకేది కావాలో ముందు తేల్చు."

"నాకు నీళ్ళు ఆగితే చాలండీ మహానుభావా!"

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. బాలమురళిది తెనాలి. గుంటూరులో ఒక ఆడిటరు దగ్గర పదిహేనేళ్ళు బిల్లుల మధ్యే బతికాడు. నలభై దాటాక మెల్‌బోర్న్ వస్తే ఆ పదిహేనేళ్ళకీ ఇక్కడ చిల్లిగవ్వ విలువ లేదన్నారు. ఎక్కడికెళ్ళినా "లోకల్ ఎక్స్‌పీరియెన్స్ ఉందా?" అనే ప్రశ్నే. ఇక్కడ ఉద్యోగం ఇవ్వనిదే ఇక్కడి అనుభవం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో ఆ అడిగే మహారాజులెవరూ చెప్పలేదు. సూపర్ మార్కెట్లో బీన్స్ డబ్బాలు సర్దుతూ, నడుం నొప్పికి బామ్ రాసుకుంటూ, ఇక్కడి పరీక్షలన్నీ ఒక్కొక్కటే గట్టెక్కాడు. అప్పుడు దొరికాడు కాషిఫ్.

కాషిఫ్ హైదరాబాద్ మల్లేపల్లి మనిషి. గరాజులో రెండు పాత ఫ్రీజర్లు పెట్టుకుని పరోటాలు అమ్మడంతో మొదలుపెట్టి, మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఒక గోడౌన్ అద్దెకు తీసుకునేదాకా ఎదిగాడు. అందులో సొంత ఖర్చుతో పెద్ద ఫ్రీజర్ గది కట్టించాడు. పరోటాలు, బెండకాయ ముక్కలు, కబాబులు, హలాల్ మాంసం అన్నీ అందులోంచే ఊరంతా వెళ్ళేవి. ఇంటర్వ్యూలో అతను అడిగింది ఒకటే మాట.

"లెక్కలొస్తయా భాయ్? అబద్ధం చెప్పకుండ వస్తయా?"

"వస్తాయండీ" అన్నాడు బాలమురళి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి హైమవతి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అన్నం పెట్టిన చెయ్యి అంటారే, బాలమురళికి కాషిఫ్ అంతటి మనిషి.

ఆ ఫ్రీజర్ గదికి జబ్బు చేసింది. అలాంటి గదుల నేల కింద సన్నటి హీటరు తీగలు ఉంటాయి. అవి మట్టిని గడ్డకట్టనివ్వవు. ఒక వరసలో ఆ తీగలు కాలిపోయాయి. కింద మట్టిలో మంచు పేరుకుని కాంక్రీటు అప్పడంలా ఉబ్బింది. సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఆ మిట్ట మీదికొచ్చేసరికి సరుకు ఒరిగిపోవడం, కుర్రాళ్ళు "అరె, అరె" అని కేకలెయ్యడం. ఏ రోజు ఎవడి కాలు మీద పడుతుందో అని కాషిఫ్‌కి కునుకు లేదు. మేస్త్రీ డారెన్‌ని పిలిపించాడు. గదులు కట్టడంలో తలపండిన మనిషి, పిలిస్తే పలుకుతాడు.

పని అయింది. బిల్లు వచ్చింది. "ఫ్రీజర్ గది పనులు, మాట్లాడుకున్న ప్రకారం" అని ఒకే వరుస, ఒకే మొత్తం. దాదాపు లక్షన్నర డాలర్లు. బాలమురళి అలాంటి వరుసను నమ్మే రకం కాదు. డారెన్‌కి ఫోన్ చేసి పని వివరాలు విడివిడిగా రాయించుకున్నాడు. కాగితం ఏమైనా చెప్పనీ, కంటితో చూస్తేగాని ఖాతాలో వెయ్యడు. మందపాటి కోటు తగిలించుకుని ఫ్రీజర్లోకి పోయి, మీసాలు బిగుసుకుపోయేదాకా అటూ ఇటూ తిరిగి వచ్చాడు.

అంతలో కాషిఫ్ వచ్చి ఎదురు కుర్చీలో కూలబడ్డాడు.

"భాయ్, గీ బిల్లు మొత్తం ఆస్తిల ఎయ్యి."

బాలమురళికి అర్థమైంది. మే నెలలో పెద్ద షాపుల వాళ్ళు సొంత గోడౌన్ పెట్టుకుని వీళ్ళ దగ్గర సరుకు తీసుకోవడం మానేశారు. లాభం సగానికి పడిపోయింది. బ్యాంకు అప్పుకేమో ఒక షరతు ఉంది. ఏడాది లాభం వడ్డీకి కనీసం రెండింతలుండాలి. లేకపోతే అప్పును తిరగరాయరు, మొత్తం ఒక్కసారే కట్టెయ్యాలి. బిల్లును ఖర్చులో వేస్తే మొత్తం ఈ ఏడాది లాభంలోంచే పోతుంది, షరతు తప్పుతుంది. గది విలువకు కలిపితే, తరుగుదల పేరుతో ఏటా కొంచెం కొంచెమే పోతుంది, షరతు నిలుస్తుంది. అదే డబ్బు, అదే నేల. ఏ ఖాతాలో రాశామన్న దాని మీద కంపెనీ బతుకు ఆధారపడింది.

"తలుపు ఖర్చు మటుకు ఆస్తిలో వేస్తానండీ," అన్నాడు బాలమురళి నెమ్మదిగా. "అంతకుముందు ప్లాస్టిక్ పరదాలే కదా. ఇప్పుడు దానంతటదే టక్కున మూసుకునే తలుపు పెట్టారు. చల్లదనం బయటికి పోదు, కరెంటు కలిసొస్తుంది. అది ముందు లేని లాభం, అది ఆస్తే. కానీ బిల్లులో అది ఏడో వంతు కూడా లేదు. మిగతాదంతా నేలే."

"నేల కొత్తది కాదా? నా కండ్ల ముందటనే పోసిన్రు గదా!"

"కాంక్రీటు కొత్తదే భాయ్. కానీ ఆ ఒక్క వరసలోనే పగలగొట్టి, అదే మందం పోశారు. కాలిన తీగల చోట అలాంటి తీగలే పెట్టారు. నిరుడు మోసిన బరువే ఇప్పుడూ మోస్తుంది. ఉన్నది ఉన్నట్టు చేస్తే రిపేరేనండీ. ఎంత ఖరీదైనా రిపేరే."

"డారెన్‌కి చెప్పి బిల్లు మీద 'అప్‌గ్రేడ్' అని రాపిస్త."

"కాగితం మీద రాస్తే నేల మారదు కదండీ. ఆస్తిలో కలిపిన ప్రతిదీ ఆడిటరు అడుగుతాడు. వచ్చి చూస్తాడు. ఆడిటరు దాకా ఎందుకు, నేను చూశాను."

కాషిఫ్ లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. అద్దంలోంచి కింద సరుకు ఎక్కిస్తున్న వాళ్ళను చూశాడు.

"వాళ్ళ మొహాలు కూడ చూడు భాయ్. నీ మొహం కూడ అద్దంల చూస్కో. ఈ వయసుల నీకు ఇంకెవడిస్తడు నౌకరీ?"

మాట సూదిలా దిగింది. నిజం కాబట్టే దిగింది.

శనివారం ఉదయం హైమవతి కాఫీ ఇస్తూ అంది, "ఏవండీ, అటుది ఇటు రాస్తే ఏం కొంప మునుగుతుంది? అందరూ బతుకుతారు కదా."

"నేను సంతకం పెట్టాలి హైమా."

"ఆయన మనకి అన్నం పెట్టాడండీ!"

"నాకు తెలీదా?" అని అరిచాడు బాలమురళి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మీద అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె లోపలికెళ్ళిపోయింది. అతను పెరట్లో నిలబడి డారెన్‌కి ఫోన్ చేశాడు. మునిగేవాడికి గడ్డిపోచ చాలు కదా. ఏదైనా, ఏ కాస్తయినా, ఆ నేల ముందుకంటే మెరుగైందేమో! మందం పెరిగిందా? ఎక్కువ బరువు మోస్తుందా? ఎక్కువ ఏళ్ళు వస్తుందా?

డారెన్ నవ్వాడు. లేదు మేట్, ఎలా ఉండేదో అలాగే చేశాం, మీరు అడిగింది అదేగా అన్నాడు. తర్వాత మామూలుగా, ఏ పాపం తెలియనట్టు, ఇంకో మాట అన్నాడు. ఏప్రిల్లో నేను రెండు ధరలు ఇచ్చాను, గుర్తుందా? రెండోది తీసుకుని ఉంటే బాగుండేది. గది మొత్తం కింద పాత తీగలు తీసేసి, వేడి ద్రవం తిరిగే గొట్టాలు వేసి, మందపాటి నేల పోసేవాణ్ణి. ఇప్పటికంటే ఎత్తుగా సరుకు పేర్చుకునేవాళ్ళు. మీరే వద్దన్నారు.

బాలమురళి ఫోన్ పెట్టేశాడు.

ఎందుకు గుర్తులేదు! ఆ రెండు ధరలూ కాషిఫ్ అతని బల్ల మీదే పెట్టాడు. రెండోది దాదాపు రెట్టింపు. "నువ్వేమంటవ్ భాయ్?" అని అడిగాడు. అప్పటికి వ్యాపారం బాగానే ఉంది, షరతు గురించి ఆలోచించే పనే లేదు. మన ఇళ్ళల్లో చెప్పు తెగితే కుట్టించుకుంటాంగాని కొత్తవి కొంటామా? బాలమురళి అదే బుద్ధితో, ఎంతో మేలు చేస్తున్నాననుకుంటూ చెప్పాడు. "ఎందుకండీ అంత? ఉన్నది ఉన్నట్టు చేయించుకుందాం. చేతిలో డబ్బు మిగులుతుంది."

ఆ రోజు ఎక్కువ ఖర్చు పెట్టమని ఉంటే అది నిఖార్సైన ఇంప్రూవ్‌మెంట్ అయ్యేది. అణా పైసలతో సహా ఆస్తిలోకి పోయేది. ఏ ఆడిటరూ నోరెత్తేవాడు కాదు. లాభం నిలిచేది, షరతు నిలిచేది, అప్పు నిలిచేది. పొదుపు చెయ్యమన్నందుకు కొంప మునుగుతోంది! ఇంతకంటే దౌర్భాగ్యం ఉంటుందా?

సోమవారం అతను తలుపును ఆస్తిలో వేశాడు. నేలను రిపేర్ల ఖర్చులో వేశాడు. కాషిఫ్‌కి చెప్పాడు, డారెన్ అన్న ఆ మాట తప్ప. కాషిఫ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నిన్ను పెట్టుకున్నప్పుడే అడిగిన గదా, అబద్ధం చెప్పకుండ వస్తయా అని. నా తప్పే" అన్నాడు.

ఒక్క ఆశ మిగిలింది. ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్ళారు. ఇది ఏటా వచ్చే ఖర్చు కాదని, ఈసారికి పక్కన పెట్టి చూడమని బాలమురళి బతిమాలాడు. నేల ఫోటోలు చూపించాడు. అక్కడి అమ్మాయి అన్నీ ఓపికగా విన్నది, మంచినీళ్ళిచ్చింది, లెక్కలు చాలా శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకుంది. రెండు వారాలకు అప్పు తిరగరాయలేమని జవాబొచ్చింది.

ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు. లారీలు పోయాయి. పనివాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేవాళ్ళలో కొందరు బాలమురళితో చెయ్యి కలిపారు, కొందరు మొహం తిప్పుకున్నారు. ఫ్రీజర్ గది కొనడానికి వేరే కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. బాలమురళే వెంట ఉండి చూపించాడు. ఆయన కాలితో నేలను తట్టి, దీన్నంతా పెకలించి గొట్టాలు వేయించుకుంటామన్నాడు. ఆ లెక్కన ధర తగ్గించాడు కూడా.

ఆయన వెళ్ళాక కాషిఫ్ ఆ నేల వంకే చూస్తూ నిలబడ్డాడు.

"భాయ్, డారెన్ రెండు రేట్లు ఇచ్చిండు యాదికుందా? గా పెద్ద పని మనమే చేపిస్తే, అది ఆస్తిల పోతుండెనా?"

ఈ ప్రశ్న ఎప్పటికీ రాకూడదని బాలమురళి ఎందరు దేవుళ్ళకు మొక్కుకున్నాడో! అబద్ధం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం మనిషి బతుకులో రాదు. ఒక్కసారి "పోదండీ" అంటే చాలు, ఇద్దరికీ కాస్త ఊపిరాడేది. కానీ అలవాటు లేదు. నోరు తిరగలేదు.

"పోయేదండీ," అన్నాడు. "మొత్తం పోయేది."

కాషిఫ్ తల ఊపాడు. చాలాసేపు అలా ఊపుతూనే ఉన్నాడు.

"నా పైసలు మిగిలించినవ్ భాయ్," అన్నాడు చివరికి. వెటకారం కాదది. కోపం కూడా కాదు. అలసిపోయిన మనిషి ఉన్న మాట అన్నాడంతే.

తర్వాత గోడ దగ్గరికెళ్ళి మిషన్లు ఆపేశాడు. ఏళ్ళ తరబడి చెవుల్లో హోరుమన్న చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. బాలమురళి కోటు విప్పి, మడత పెట్టి, మిగతా కోట్ల పక్కన కొక్కేనికి తగిలించాడు. బయటికొచ్చి కార్లో కూర్చున్నాక, పాత సూపర్ మార్కెట్లో డబ్బాలు సర్దడానికి మనుషులు కావాలా అని మేనేజరుకి మెసేజ్ పెట్టాడు.