పాస్టరుగారి ప్రార్థన ఆఖర్నే రావాలి

డ్యూటీలో ఇంజెక్షన్లు, సెలవు రోజున స్టాండప్ కామెడీ. రెండింటిలోనూ ఎదుటివాడు ముందే బిగుసుకుని కూచుంటాడు కాబట్టి నాకు పెద్ద తేడా కనిపించలేదు.

కోరమంగలలో ఒక కాఫీ షాపు మేడ మీద తెలుగు ఓపెన్ మైక్ జరిగేది, ఎవరైనా ఎక్కి జోకులు చెప్పుకోవచ్చు. మొదటిసారి స్టేజీ ఎక్కి, నా దగ్గరున్న వాటిలో గొప్ప జోకుని ఎక్కగానే వదిలేశాను. మా పాస్టరుగారు ఆపరేషన్‌కి ముందు చేసే ప్రార్థన మీద జోకు అది. హాలు పడిపడి నవ్వింది. ఆ తర్వాత అద్దె ఇళ్ల గురించి, ఆసుపత్రి గురించి ఏం చెప్పినా ఎవరి కాఫీ వాళ్లు తాగారు.

షో నడిపే అన్న బెంగళూరులోనే పుట్టి పెరిగినవాడు. పక్కకి పిలిచాడు.

"జోకు బాగుండాదప్పా. కానీ బిరియానీ మొదట్లోనే పెట్టేసి, ఆఖర్న ఉప్మా తెచ్చినావు. ఎవురు తింటారు?"

"మరి మొదట్లో ఏం పెట్టాలన్నా?"

"రెండో మంచి జోకు. చిన్నదిగా ఉండల్ల. నువ్వెవరో తెలిసిపోవల్ల, బిరీన నవ్వల్ల. అన్నిటికంటే గట్టిది కడాకి. ఇంకోటి, 'ఇంకో విషయం ఏంటంటే' అని నాలుగుసార్లు అన్నావు. అది తోవ కాదు, గుంత. ఒక కత ఎక్కడ ఆగుతాదో, రెండోది అక్కడే మొదలవ్వల్ల."

ఇంటికెళ్లి వరస మార్చాను. మొదట చందాపురలో ఇల్లు వెతకడం. ఇంటి ఓనరు "నైట్ డ్యూటీనా?" అని అనుమానంగా అడుగుతాడు. ఆ మాట పట్టుకుని ఆసుపత్రిలోకి. ఆసుపత్రికి పాస్టరుగారు వస్తారు. అక్కణ్ణుంచి ప్రార్థన. అద్దం ముందు చెప్పుకుంటే నీళ్లలా జారిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం షోకి వెళ్లేసరికి రెండో వరసలో పాస్టరుగారు, పక్కనే ఆయన భార్య, మేమంతా అమ్మగారనే ఆవిడ! నా రూమ్మేట్ ఆరాధన అయ్యాక వాళ్లని నేరుగా తీసుకొచ్చిందట. "నీకు సపోర్టుగా ఉంటారని" అంది. అంత సపోర్టు నేనడగలేదు.

అది చాలదన్నట్టు, నాకు ముందు ఎక్కినతను తన టైమంతా ఇంటి ఓనర్ల మీదే చెప్పాడు. బ్యాచిలరని ఇల్లివ్వలేదట. నేను ఎత్తుకోవాల్సిన టాపిక్‌ని ఊడ్చిపెట్టేశాడు.

మైకు పట్టుకున్నాను. నోరు దానంతటదే కదిలింది.

"ఇందాకటి అన్నకి దొరకని ఇల్లు నాకు దొరికింది. ఎందుకంటే నేను నర్సుని, మా ఓనరుకి షుగర్. అద్దె పెంచుతానన్న రోజు పెద్ద సూది తీస్తాను."

నవ్వారు! పైగా ఆ సూదితోనే ఆసుపత్రిలోకి వెళ్లిపోయాను. కానీ మధ్యలో నైట్ డ్యూటీ జోకుకి ఒక్క దగ్గు తప్ప ఏమీ రాలేదు. "ఈ జోకు ఐసీయూలో ఉంది. చూడాలంటే ఒక్కొక్కరే రండి" అన్నాను. దానికి నవ్వారు కాబట్టి బతికాను.

ఇంక మిగిలింది ప్రార్థనే. వెనకనుంచి అన్న ఫోన్ లైటు ఊపాడు, ఒక్క నిమిషమే ఉందని. పాస్టరుగారు చేతులు కట్టుకుని చిరునవ్వుతో చూస్తున్నారు. మానేద్దామా అనిపించింది. మానేస్తే నా జోకుల వరసకి ముగింపే లేదు. కానివ్వు అనుకున్నాను.

"అపెండిక్స్ పేషెంటు. మత్తు డాక్టరు రెడీ. పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టారు, ఆదిలో దేవుడు భూమ్యాకాశాలు సృష్టించిన దగ్గర్నుంచి. దేశనాయకుల కోసం, విధవరాళ్ల కోసం, మందిరం రేకుల కోసం... అపెండిక్స్ దగ్గరికి వచ్చేసరికి మత్తు డాక్టరు సూది పక్కన పెట్టేశాడు. 'ఇంక అక్కర్లేదు సిస్టర్, నిద్రపోయాడు.'"

హాలు గొల్లుమంది. ఆ నవ్వు తగ్గేలోపు రెండో వరసలోంచి అమ్మగారి గొంతు:

"పెళ్లయినప్పట్నుంచీ నాకూ నిద్రమాత్ర అవసరం పడలేదమ్మా!"

ముందువరస కుర్రాడు కుర్చీలోంచి జారాడు. నా దగ్గర ఇంకో లైను సిద్ధంగా ఉంది, వాడని మత్తుమందు బిల్లులో పడిందని. ఎన్నో రాత్రులు చెక్కుకున్న లైను. నోటిదాకా వచ్చింది. కానీ అంతకంటే పెద్ద నవ్వు అప్పటికే హాల్లో ఉంది. మింగేసి, "థాంక్యూ" అని దిగిపోయాను.

బయట పాస్టరుగారు ఎదురొచ్చారు.

"వందనాలయ్యగారూ" అన్నాను, నేల చూస్తూ.

"వందనాలమ్మా. ఆ రోజు అంత పొడుగ్గా చెయ్యలేదు కదా?"

"చేశారు" అన్నారు అమ్మగారు.

తర్వాతి షోలో ఆమె మాటని నా మాటగా చెప్పి చూశాను. చప్పగా పోయింది. నాకింకా పెళ్లే కాలేదు మరి. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెప్తున్నాను, వాళ్లిద్దరూ వచ్చి కూచున్న దగ్గర్నుంచి. అమ్మగారి మాట అమ్మగారికే వదిలేసి మైకు పెట్టేస్తాను.