సున్నాల ఫైలు

కర్నూలు ఆఫీసులో నీళ్ల ట్యాంకర్ల వివరాలు చూడడం నా పని. రోజూ సాయంత్రం నాలుగింటికి నేను రాసిన ప్రోగ్రాం ఆఫీసు మెయిల్ తెరిచి, ఆ రోజు ఏ ఊరికి ఎన్ని ట్యాంకర్లు వెళ్లాయో మండలాలు పంపిన ఫైళ్లను డేటాబేస్‌లోకి ఎక్కించేది. ఎవరైనా ఫైలు బదులు ఫోటో పంపితే, చదవలేక పక్కన పెట్టి నాకు చెప్పేది. నిన్నటి ఫైలుకే పేరు మార్చి పంపే సోమరులను పట్టడానికి, పేరు చూడకుండా లోపలున్నది పోల్చమని, అదే అయితే వదిలేయమని రాశాను. ఆ తెలివికి నాకు గర్వం కూడా ఉండేది.

ఆ రోజు ఐదింటికి మీటింగు. వరుసగా మూడు రోజులు ట్యాంకర్ రాని ఊళ్ల జాబితా అడిగారు. జాబితా ఖాళీగా వచ్చింది. ఒక పడమటి మండలం ఫైలు మాత్రం రెండు రోజులుగా నకలని ఆగిపోయి ఉంది. ఇంకా పది నిమిషాలే. ఒళ్లు మండి అక్కడి ఆపరేటర్‌కు ఫోన్ చేశాను.

“ఏమప్పా, పాత ఫైలుకే పేరు మార్చి పంపుతాండావా?”

“అవును సార్, పేరులో తేదీ మార్చినా. లోపలంతా సున్నాలే. మొన్న ట్యాంకర్ రాలే, నిన్న రాలే, ఈ పొద్దూ రాలే. ఇంగ ఏం మార్చల్ల సార్?”

తేదీ ఆ పేరులోనే ఉంది. నేను చూడొద్దన్నది ఆ పేరునే.

ఖాళీగా వచ్చిన జాబితా కాగితం మీద ఆ మండలంలోని ఊళ్ల పేర్లు పెన్నుతో రాయబోతే చోటు చాలలేదు.