ఒంటిగింజకి తక్కువ మార్కులు

ప్రమీలమ్మక్కకి కోపం వచ్చిందంటే ముందు ముక్కుపుడక అదురుతుంది, తర్వాత చేట ఆగుతుంది. చేట ఆగిందంటే రాఘవయ్య కాఫీపొడి కొట్టులో అందరం జాగ్రత్తపడాల్సిందే. ఆ పక్కనే నా జిరాక్సు షాపు. ఇరవై ఏళ్లుగా ఆ చేట చప్పుడు వింటూనే కాగితాలు తీస్తున్నాను.

ఆమెది నకరికల్లు. పెళ్లయిన కొత్తలో నరసరావుపేట పప్పుమిల్లులో కందుల్లో రాళ్లు ఏరేది. మిల్లు మూతపడ్డాక రాఘవయ్య పిలిచి కాఫీ గింజల ముందు కూర్చోబెట్టాడు. పని ఒకటే, ఒంటిగింజ వేరు చెయ్యడం. కాఫీ పండులో మామూలుగా రెండు గింజలుంటాయి, ఒకదానికొకటి ఆనుకుని, ఒకవైపు బల్లపరుపుగా. ఎక్కడో నూటికి ఐదో పదో పళ్లలో ఒక్క గింజే పడుతుంది. అది గుండ్రంగా ఉంటుంది. అక్క చేటని కాస్త వాల్చి సన్నగా కుదిపేది. గుండ్రటివి దొర్లి కింద గిన్నెలో పడేవి, పలకగింజలు చేటలోనే ఉండిపోయేవి. చూస్తుంటే మంత్రం వేసినట్టే ఉండేది.

ఆ గిన్నెడు గింజలు గాజుసీసాలోకి పోయేవి. రాఘవయ్య సీసా తట్టి, "ఇద్దరు తినాల్సిన బలం ఒక్కడే తిన్నాడండీ!" అనేవాడు. కొనేవాళ్లు అవునవునని తలూపేవాళ్లు. నేనూ ఊపాను. పండక్కీ పబ్బానికీ ఆ పొడే కొన్నాను, సిగ్గులేకుండా చెబుతున్నాను.

మిగిలిన పలకగింజల్ని జల్లెళ్లు పట్టి పెద్దవి ఒక డబ్బాలో, చిన్నవి ఇంకో డబ్బాలో పోసేవాళ్లు. చిన్నవాటికి రాఘవయ్య పెట్టిన పేరు చిల్లర. అక్క తాగేది ఆ చిల్లరే.

ఈ మధ్య రాఘవయ్య తమ్ముడి కూతురు హిమజ బెంగళూరులో కాఫీ రుచి చూసే చదువు చదివి వచ్చింది. అలాంటి చదువు ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. అరకు వైపు రైతుల దగ్గర్నుంచి గ్రేడు చెయ్యని బస్తాలు తెప్పించింది. వాటితో వచ్చిన కాగితం మీద నూటికి ఎనభై ఆరు మార్కులు. ఎనభై దాటితే స్పెషాలిటీ, అంటే మేలురకం అట.

రాఘవయ్యకి నిద్ర పట్టలేదు. "అంతా కలిపితేనే ఎనభై ఆరైతే ఒంటిగింజ ఒక్కటే ఎంతుండాలి?" అని తనే లెక్కేసి, "ఒంటిగింజ – 92" అని ఐదొందల స్టిక్కర్లు కొట్టమని నాకు చెప్పాడు. కొట్టాను. ఒంటిగింజని వేరు చేసే వాలు బెల్టు మిషనుకి కూడా ఆర్డరు పెడతానన్నాడు.

చేట ఆగింది.

"మిషనొస్తే నేనేం చెయ్యాల?" అంది అక్క.

"ఆగు పిన్నీ, అసలు ఒంటిగింజ గొప్పదో కాదో ముందు తాగి చూద్దాం" అంది హిమజ. "గింజ సైజు చూసేది ఎందుకంటే, అన్నీ ఒకే తీరుగా ఉంటే ఒకే తీరుగా వేగుతాయని. పెద్దగింజ రుచిగా ఉండాలని రూలేం లేదు."

"గొప్పది కాదంటే?"

"అప్పుడు వేరు చెయ్యటమే దండగ" అన్నాడు రాఘవయ్య తొందరపడి.

ముక్కుపుడక అదిరింది. "గెలిస్తే మిషనొచ్చిద్ది, నేను పోతా. ఓడితే పనే లేదు, అప్పుడూ నేనే పోతా. చానా బాగుందయ్యా మీ పరీక్ష!"

ఆ వయసులో ఆమెని ఇంకెవరు కూర్చోబెట్టుకుంటారు?

మర్నాడు పొద్దున పరీక్ష. ఆ బస్తాల్లోంచి వేరైన ఒంటిగింజ, పెద్దగింజ, చిల్లర మూడింటినీ హిమజ విడివిడిగా, లేతగా వేయించింది. పొడి కొలిచి గిన్నెల్లో వేసి కాగిన నీళ్లు పోసి నాలుగు నిమిషాలు ఆగింది. పైన కట్టిన తెట్టుని చెంచాతో విరిచి వాసన చూసింది. పాలు లేవు, చక్కెర లేదు. ఏ గిన్నెలో ఏముందో చీటీలు అడుగున అంటించింది, పైన అంకెలే.

"చెంచాతో తీసుకుని జుర్రుమని పీల్చాలి. ఎంత చప్పుడైతే అంత మంచిది."

రాఘవయ్య పీల్చాడు, సగం మీసాలే తాగాయి. నాకు పొలమారింది. అక్క మాత్రం, "మా అత్త ఉంటే మూతి మీద కొట్టేది" అని గొణిగి, రోడ్డు మీద ఆటోవాడు తిరిగి చూసేంత గట్టిగా జుర్రింది.

రెండో గిన్నె దగ్గర రాఘవయ్య కళ్లు మూసుకున్నాడు. "ఆహా! తేనె! ఇదేనమ్మా మన ఒంటిగింజ!" మూడోది నోట్లో పెట్టి తుపుక్కున ఊశాడు. "ఏందమ్మాయ్ ఇది, తడిసిన గోనెసంచి నమిలినట్టుంది. చిల్లరేగా?"

హిమజ చీటీలు తిప్పింది. రెండోది చిల్లర. మూడోది ఒంటిగింజ. ఆమె వేసిన మార్కులు పెద్దగింజకి ఎనభై మూడు, చిల్లరకి ఎనభై నాలుగు, ఒంటిగింజకి డెబ్బై ఆరు.

రాఘవయ్య స్టూలు మీద కూలబడ్డాడు. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పోయి, నా స్టిక్కర్లు గుర్తొచ్చి నవ్వు మానేసి లోపలికొచ్చాను.

"ఒంటిగింజ ఇంత పాడుగా ఉండకూడదే" అని హిమజ వేయించని గింజలు తెచ్చి బల్ల మీద పరిచింది. "స్పెషాలిటీ అనాలంటే మూడొందల యాభై గ్రాముల్లో ఒక్క నల్లగింజ కూడా ఉండకూడదు. ఇందులో పదకొండున్నాయి. పురుగు తొలిచినవి ఇంకా ఎక్కువ." చిల్లర పరిచింది. ఒక్కటి లేదు. పెద్దవాటిలోనూ లేదు. "పిన్నీ, ఇవి ఎవరు ఏరారు?"

"నేనే. దొర్లించినాక చేటలో మిగిలినయ్యి కళ్లముందే ఉంటయ్. నల్లది కనపడితే తియ్యకుండా ఎట్టుంటా? ఎవురో ఒకరు తాగాలి గదా."

"మరి ఒంటిగింజలో ఎందుకు తియ్యలేదు?"

అక్క చెయ్యి నేరుగా రాఘవయ్య వైపు లేచింది. "గిన్నెలో పడ్డదాన్ని ముట్టుకోనిచ్చాడా ఈయన? అది రాజు, దానికి వంక పెట్టొద్దన్నాడు. పుచ్చుదైనా గుండ్రంగా ఉంటే దొర్లదా?"

గుండ్రటి పుచ్చుగింజ కూడా చక్కగా దొర్లుతుందని ఇరవై ఏళ్లలో మాకెవరికీ తోచలేదు. రాఘవయ్య అయితే సీసా వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ మధ్యాహ్నం అక్క ఒంటిగింజని కూడా ఏరింది. మళ్లీ వేయించి, మళ్లీ జుర్రాం. ఈసారి ఎనభై నాలుగు, చిల్లరతో సమానం. "కాగితంలో ఎనభై ఆరని ఉందిగా?" అన్నాను. "వాళ్లు సాంపిల్ ఏరి పంపుంటారు బాబాయ్. రుచి చూసింది వేరే మనుషులు, అదీ కొత్త పంటప్పుడు" అంది హిమజ. తర్వాత ముగ్గురికీ మూడు రకాలూ చికోరీ కలిపి, డికాషన్ తీసి, పాలు పోసి ఇచ్చింది. ఏది ఏదో ఒక్కరం కూడా చెప్పలేకపోయాం. పండక్కి నేను కొన్న పొట్లాలన్నీ వరసగా గుర్తొచ్చి ఒళ్లు మండింది.

రాఘవయ్య ఫోను తీసి మిషను వద్దని చెప్పాడు. గొంతు సవరించుకుని, "రేపట్నించీ అన్నిట్లో పుచ్చులు నువ్వే ఏరు ప్రమీలమ్మా. రాజు లేదు, చిల్లర లేదు" అన్నాడు. అక్క వెంటనే ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు నడుం విరగ్గొట్టుకుని దొర్లించింది దేనికో చెప్పమంది. ఆయన నేను కొట్టిన స్టిక్కర్ల కట్ట తీసి చెత్తబుట్టలో వేశాడు. నాకు ఆయన మీద జాలేసింది, ఆమె మీద అంతకంటే ఎక్కువ.

హిమజ మార్కుల కాగితం ఇంకోటి తీసి ఆమె ముందు పెట్టింది. "పిన్నీ, నువ్వేరిన కాఫీకి నువ్వు ఎన్నేస్తావు?"

"నూటికి నూరు."

"అట్లా ఎవరూ వెయ్యరు పిన్నీ."

"మార్కులేసేవాళ్లు ఏరేవాళ్లని ఎప్పుడన్నా అడిగారా అమ్మాయ్?"

హిమజ ఆమె వేళ్ల వంక చూసింది. పెన్ను తీసి నూరు అని రాసి, కింద సంతకం చెయ్యమని కాగితం ఆమె చేతికిచ్చింది.