మేడం యాది చేసిన పిల్ల

నాలుగుసార్లు మెసేజ్ కొట్టి తుడిపేసి, ఆఖరికి మేడంకు గిట్ల పంపిన:

‘నమస్తే మేడం. డిగ్రీలో మూడేళ్లు మీ దగ్గర కెమిస్ట్రీ చదువుకున్నాను. ఎమ్మెస్సీ సీటుకి, ఫీజు మాఫీకి అప్లై చేస్తున్నాను. పాత టీచర్ సిఫార్సు లెటర్ అడుగుతున్నారు. మీరు సరేనంటే యూనివర్సిటీ వాళ్లే మీకు లింకు పంపిస్తారు, పదిహేనో తారీఖులోపు అందులో పెట్టాలి. మార్కుల మెమోలు పంపుతున్నాను. వీలుకాకపోతే ‘కాదు’ అని ఒక్క మాట చాలు, కారణం అక్కర్లేదు. వేరే మేడంని అడుగుతాను.’

గంత మర్యాద నాకేడికెళ్లి వచ్చిందో! వేరే మేడం ముచ్చట ఉత్తదే. మిగతావాళ్లెవరి నంబర్లూ నా దగ్గర లేవు. మాఫీ రాకుంటే సదువు బంద్. లాల్‌దర్వాజాల పాలు పోసే మా బాపు గా ఫీజు ఏడికెళ్లి కడతడు?

తెల్లారి మేడమే ఫోన్ చేసింది. చేతులకు పిండి ఉండె, స్పీకర్ల పెట్టిన. బాపు పక్కనే చాయ్ తాగుతుండు.

"నిన్నెట్ల మర్చిపోతనే? మీ నాయిన పోయిన మూడోనాడే ప్రాక్టికల్ పరీక్షకొచ్చి, చెయ్యి వణకకుండ చేసినవ్ గద. అదే రాస్త."

బాపు గిలాస కింద పెట్టిండు.

మేడం చెప్పిన పిల్ల నేను గాదు. నా బెంచి మీది దోస్తు. మా ఇద్దరి జడలు, మా ఇద్దరి తెల్లకోట్లు మేడంకు ఎప్పుడూ తికమకే. రిజల్ట్స్ రాకముందే డెంగ్యూతోని పాయె నా దోస్తు. అప్పటికే మేడం బదిలీ అయి పోయింది, ఆమెకు తెల్వదు. ఒక్క మాట చెప్పితే అయిపోతుండె. ‘మరి నువ్వెవరే?’ అంటదని భయమైంది.

"అవును మేడం" అన్న.

ఫోన్ పెట్టినంక బాపు మెల్లగ అడిగిండు: "నేనెప్పుడు పోయిన్నే బిడ్డా?"

ముఖం మీద పిండి అంటుకునేదాక ఏడ్చిన. పదిహేనో తారీఖు దాటింది, మేడంకు నిజం చెప్పలే. సీటొచ్చింది, మాఫీ గూడ.

మిఠాయి పట్టుకొని ఛత్రినాకకు, దోస్తు వాళ్లమ్మ దగ్గరికి పోయిన. ఎందుకు పోయిన్నో! సిగ్గుండాలె నాకు. ఆమె నా తల నిమిరి, "మీ మేడం మా పిల్లను ఎప్పుడన్న యాది చేస్తదా?" అన్నది.

"చేసిందమ్మా. నాయిన పోయిన మూడోనాడే పరీక్షకొచ్చిందని మస్తు మెచ్చుకున్నది. లెటర్ల గూడ రాసిందంట."

నాలుక కరుసుకున్న. ఆమె కొంగుతోని చేతులు తుడుసుకొని దగ్గరికి జరిగింది.

"నా బిడ్డ గురించి రాసిందా? ఏదీ, సదువు బిడ్డా."

"నాకియ్యరమ్మా, సీదా యూనివర్సిటీకే పోతది" అన్న. గది నిజమే. ఎవరి పేరు మీద పోయిందో మాత్రం చెప్పలే. ఆమె గోడ మీది ఫోటో దిక్కు తిరిగి, "ఇన్నవా బిడ్డా, మేడం నీ గురించి రాసిందంట" అని చెప్పుకుంట కూసున్నది.